రాజీనామాకు జవాబు తిరగరాసే ముందు జాగ్రత్తలు

భీమవరంలో రొయ్యల ప్లాంటు మేనేజరు క్వాలిటీ సూపర్‌వైజర్‌కి పెట్టిన మెసేజ్ ఇది: "సరేలేవోయ్, నెలాఖరుదాకా ఉండి వెళ్దువుగాని. తాళాలూ గట్రా ఇచ్చెయ్. సెటిల్‌మెంటు చూద్దాం." దీన్ని లెటర్‌గా మార్చాలి.

☐ ముందు తేదీ తేల్చండి. రాజీనామా మెయిల్ జూన్ 5న అందింది, నోటీసు 30 రోజులు. మర్నాటి నుంచి లెక్కేస్తే జూలై 5 అవుతుంది. మేనేజరు అన్న నెలాఖరు జూన్ 30. మధ్యలో 5 రోజుల తేడా. వాటిని కంపెనీ మాఫీ చేసిందా, జీతంలో కోస్తుందా, సెలవుల్లో సర్దుతుందా? మేనేజర్నే అడగండి, మీరు ఊహించి రాయొద్దు. పీఎఫ్‌లో పడే నిష్క్రమణ తేదీ కూడా లెటర్‌లో రాసే చివరి పనిదినమే ఉండాలి. అక్కడ తప్పు పడితే దిద్దించుకోవడం పెద్ద తతంగం.

☐ "గట్రా"ని విప్పండి: కోల్డ్ స్టోరేజీ తాళాలు, టెంపరేచర్ రిజిస్టర్లు, ఐడీ కార్డు. ఏది ఎవరికి, ఏ రోజుకి అప్పగించాలో రాయండి.

☐ "చూద్దాం" అన్నదాన్ని మాటిచ్చినట్టు మార్చొద్దు. సెటిల్‌మెంటు మొత్తం ఎంతో అకౌంట్స్ వాళ్లు చెప్పాకే రాయండి.

మేనేజరు మాఫీ అన్నారనుకోండి, ఇలా రాయొచ్చు:

"మీ రాజీనామాను అంగీకరిస్తున్నాం. మీ చివరి పనిదినం జూన్ 30. మిగిలిన 5 రోజుల నోటీసును, జీతంలో కోత లేకుండా మినహాయించాం. ఎగుమతి సరుకు తనిఖీలో మీరు చూపిన శ్రద్ధకు కృతజ్ఞతలు."

పొగడ్త ఆ ఒక్క వాక్యం చాలు. "ఓయ్" మాత్రం తీసేయండి, ఇద్దరూ ఒకే ఊరివాళ్లయినా సరే.