పీఎంఎఫ్‌ఎంఈ దరఖాస్తు: కొటేషన్ అడిగే లేఖలో ఏం రాయాలి?

సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ రాయితీకి pmfme.mofpi.gov.in లో దరఖాస్తు చేయాలి. అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ వస్తుంది. కనీసం 10 శాతం దరఖాస్తుదారు పెట్టుకోవాలి, మిగిలినది బ్యాంకు రుణం. ఆధార్, పాన్, బ్యాంకు పాసు పుస్తకం, షెడ్డు కాగితాలు చాలామంది దగ్గర సిద్ధంగానే ఉంటాయి. ఫైలు వెనక్కి రాకుండా జాగ్రత్తపడవలసింది యంత్రాల కొటేషన్ల దగ్గర.

పొదలకూరులో నిమ్మకాయ పచ్చడి యూనిట్ పెట్టదలచినవారు కారం ఆడించే పల్వరైజరు కొంటున్నారనుకుందాం. డీలర్లకు ఫోను చేసి "పల్వరైజరు కొటేషన్ పంపండి" అంటే ఎవరికి తోచినట్లు వారు పంపుతారు. లెక్క కోసం రెండు అంకెలు వేసుకుందాం. మొదటి డీలరు 1,35,000 అన్నాడు, రెండవ డీలరు 2,38,000 అన్నాడు. లక్ష రూపాయల తేడా చూసి చేతులు మొదటి కాగితం వైపే పోతాయి. అయితే ఆ ధరలో మోటారు, స్టార్టరు లేవు. వాటికి 48,000 కలిపితే 1,83,000, దానిపై 18 శాతం జీఎస్‌టీ 32,940, ఫ్యాక్టరీ నుంచి లారీ కిరాయి 14,000, బిగింపుకు 10,000 కలిపితే మొత్తం 2,39,940 అవుతుంది. రెండవ డీలరు ధరలో ఇవన్నీ ముందే ఉన్నాయి. ఖరీదుగా కనిపించినదే 1,940 రూపాయలు చౌక. ఈ లోటు రుణం మంజూరయ్యాక బయటపడితే దాన్ని సొంత డబ్బుతోనే పూడ్చుకోవలసి వస్తుంది.

కాబట్టి నోటి మాటతో కాక, ఒకే లేఖను, ఒకే తేదీన, ఒకే గడువుతో డీలర్లందరికీ పంపాలి. ఒక డీలరు ఏదైనా సందేహం అడిగితే ఆ జవాబు మిగతావారికీ తెలపాలి. లేఖలోని ముఖ్య భాగం ఇలా ఉండవచ్చు:

"తొడిమ తీసిన ఎండుమిరపకాయలను 500 మైక్రాన్ల జల్లెడ గుండా దిగేంత మెత్తగా గంటకు కనీసం 50 కిలోలు ఆడించగల పల్వరైజరు ఒకటి కావాలి. ఆహారం తగిలే భాగాలన్నీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. త్రీ ఫేజ్ మోటారు, స్టార్టరు, దుమ్ము పట్టే సంచులు ధరలో కలిసి ఉండాలి. యంత్రం ధర, జీఎస్‌టీ, రవాణా, బిగింపు వేర్వేరు వరుసల్లో చూపి, పొదలకూరులోని మా షెడ్డు వద్ద దించి, నడిపి చూపేవరకు అయ్యే మొత్తాన్ని చివర రాయగలరు. ఆర్డరు, అడ్వాన్సు రెండూ అందిన నాటి నుంచి 30 రోజుల్లో యంత్రం చేరాలి. చెల్లింపు: ఆర్డరుతో 10 శాతం, యంత్రం పంపే ముందు 80 శాతం, మా షెడ్డులో మా సరుకుతో ఆడించి చూపిన తరువాత 10 శాతం. ఈ ధర 90 రోజులు చెల్లుబాటు కావాలి. ఇందులో దేనికి అంగీకరించలేకపోయినా దాన్ని వేరుగా, స్పష్టంగా రాయగలరు."

సామర్థ్యం పక్కన సరుకు పేరు, జల్లెడ సైజు రాయడం చాదస్తం కాదు. ముతకగా పసుపు ఆడినప్పుడు వచ్చిన కిలోల లెక్కనే ఒక డీలరు చూపించవచ్చు. మెత్తటి కారానికి అదే యంత్రం అంత ఇవ్వదు. యంత్రం ఫలానా కంపెనీదే కావాలని మాత్రం రాయకండి, రాస్తే మిగిలిన డీలర్లు పోటీకే రారు.

చెల్లింపు షరతు రాసే ముందు బ్యాంకు మేనేజరుతో మాట్లాడాలి. రుణం సొమ్మును బ్యాంకు సాధారణంగా డీలరు ఖాతాకే నేరుగా పంపుతుంది, విడతలుగా ఇవ్వడానికి కొన్ని శాఖలు ఇష్టపడవు. అలాంటప్పుడు మీరు పెట్టే 10 శాతం వాటానే చివరి విడతగా నిలుపుకొని, ఆర్డరుతో అడ్వాన్సు లేకుండా, 90 శాతం రుణం నుంచి పంపే ముందే చెల్లించేలా లేఖ మార్చుకోవచ్చునేమో అడగండి. 90 రోజుల చెల్లుబాటు కూడా బ్యాంకు కోసమే: మంజూరు నాటికి గడువు తీరిన కొటేషన్ పనికిరాదు.

ఇక జాగ్రత్త ఒకటి. "కొటేషన్లన్నీ నేనే తెస్తాను" అనే మధ్యవర్తి తెచ్చేవి తరచు ఒకే చేతి కాగితాలు. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి (ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33), తరువాతి పది అక్షరాలు యజమాని పాన్. రెండు కొటేషన్లలో ఆ పదీ ఒకటే అయితే పేర్లు వేరైనా యజమాని ఒక్కరే. ఆ నంబరు ఇప్పటికీ చెల్లుతున్నదో లేదో gst.gov.in లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. దరఖాస్తు నింపడంలో సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్‌కు పథకమే పారితోషికం ఇస్తుంది; మీరు ఏమీ చెల్లించనక్కరలేదు.

వచ్చిన కొటేషన్లను షెడ్డు వద్ద అయ్యే మొత్తం, చేరే గడువు, చెల్లింపు షరతులు, అంగీకరించని అంశాలు అనే నాలుగు గడుల పట్టికగా ఒకే పేజీలో రాసి, మీరు పంపిన లేఖ నకలుతో కలిపి ఫైలులో పెట్టండి. తక్కువ ధరను వదిలి మరొకటి ఎంచుకుంటే కారణం ఆ పట్టిక కిందే ఒక వాక్యంలో రాయాలి. ఉదాహరణకు, "తక్కువ ధర చెప్పిన డీలరు నడిపి చూపడానికి అంగీకరించలేదు" అంటే సరిపోతుంది.