మాడ్-6 కౌంటర్ 010, 101 మధ్యే తిరుగుతుంటే

సమస్య: మూడు జేకే ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టిన సింక్రనస్ కౌంటర్ 000, 100, 110, 111, 011, 001 వరుసలో తిరగాలి. సిమ్యులేషన్‌లో తప్పే ఉండదు. బోర్డు మీద మాత్రం ఒకసారి సప్లై ఇస్తే సరిగ్గా నడుస్తుంది, ఇంకోసారి ఇస్తే మధ్య ఎల్‌ఈడీ ఒక్కటీ, దానికి అటూ ఇటూ ఉన్న రెండూ మార్చి మార్చి వెలుగుతూ ఉంటాయి. ఇక ఐసీలు మార్చడం మొదలవుతుంది. ఐసీల జోలికి వెళ్లకండి. వాడని స్థితులు 010, 101లను మీ సమీకరణాల్లో పెట్టి చూశారా? ఎవరిని అడిగినా లేదనే అంటారు.

కారణం: ఎక్సైటేషన్ టేబుల్ నుంచి కె-మ్యాప్ వేసి, సాధ్యమైనంత పెద్ద గ్రూపులు కడితే వచ్చేవి ఇవి:

```
J2 = Q0'   K2 = Q0
J1 = Q2    K1 = Q2'
J0 = Q1    K0 = Q1'
```

ఆ మ్యాపుల్లో X రెండు రకాలు. Q ఇప్పటికే 1 అయితే తర్వాతి విలువను K ఒక్కటే తేలుస్తుంది, J ఏదైనా ఫరవాలేదు. అది నిజమైన డోంట్ కేర్. వాడని స్థితి గడిలో వేసే X అలాంటిది కాదు. దాన్ని గ్రూపులో కలిపితే 1, వదిలేస్తే 0. అంటే ఆ స్థితి నుంచి కౌంటర్ ఎటు వెళ్లాలో మీకు తెలియకుండానే రాసేశారు.

010 పెట్టి చూడండి. J2=1, K2=0 కాబట్టి Q2 సెట్ అవుతుంది. J1=0, K1=1తో Q1 రీసెట్. J0=1, K0=0తో Q0 సెట్. వచ్చింది 101. అదే లెక్క 101కి వేస్తే మళ్లీ 010. ఆ రెండింట్లో పడితే ఇక బయటికి రాదు. సిమ్యులేషన్‌ని మీరు ఎప్పుడూ 000 నుంచే మొదలుపెడతారు కాబట్టి ఇది కనిపించదు. సప్లై ఇచ్చినప్పుడు అసలు ఫ్లిప్‌ఫ్లాప్ ఏ స్థితిలో లేస్తుందో చెప్పలేం.

పరిష్కారం: J1 మ్యాపులో 101 గడిని X కాకుండా 0 చేయండి. మారేది ఒక్క సమీకరణమే, అదనంగా పట్టేది ఒక్క యాండ్ గేటే:

```
J1 = Q2 Q0'
```

ఇప్పుడు 101లో J1, K1 రెండూ 0, Q1 కదలదు. Q2, Q0 రీసెట్ అయ్యి 000 వస్తుంది. 010 నుంచి 101కి, అక్కడి నుంచి 000కి. మిగతా ఆరు స్థితుల వరుస చెక్కుచెదరదు. బోర్డు మీద ప్రీసెట్, క్లియర్ పిన్నులతో 010లోకి నెట్టి, ఆ పిన్నులు వదిలేసి, రెండు క్లాకులు ఇచ్చి చూసుకోండి.

పవర్ ఆన్ రీసెట్ పెడితే చాలదా అంటారు. మొదలు సరిగ్గానే అవుతుంది, కానీ నడుస్తుండగా నాయిస్ వల్ల 010లో పడితే ఆ రీసెట్ మళ్లీ రాదు.

వరుస మొదటి నుంచే తప్పితే J, K తీగలు తారుమారయ్యాయేమో చూడండి. అంకెలు ఎగిరిపోతుంటే క్లాక్ స్విచ్ బౌన్స్ అవుతోంది. ప్రీసెట్, క్లియర్ పిన్నులు గాలిలో వదిలేస్తే అప్పుడప్పుడూ పిచ్చిగా ప్రవర్తిస్తుంది, అవి యాక్టివ్ లో అయితే హైకి కట్టండి.