ఆదివారం కాల్చిన పావ్ బుధవారం దాకా మెత్తగా ఉండాలంటే

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, పాలమూరు బజారులోనో పావ్ కొనేటప్పుడు అది ఎన్ని రోజులు నిలుస్తుందని ఎవరూ అడగరు. పొద్దున బేకరీలో కాలింది సాయంత్రానికి చాయ్‌లోకో బాజీలోకో అయిపోతుంది. అమెరికాకో కెనడాకో వచ్చినంక ఈ లెక్క మారిపోతుంది. ఇండియన్ స్టోర్ అరగంట దూరం, ఇంట్లో తీరిక దొరికేది ఆదివారం ఒక్కరోజే. ఆ రోజు కాల్చినవే సోమ, మంగళ, బుధవారాల డబ్బాలోకి రావాలి. మామూలు పద్ధతిలో చేసిన పావ్ మర్నాటికే బిరుసెక్కుతుంది, మూడో రోజుకు పొడిపొడిగా రాలుతుంది. దాన్ని ఆపే కిటుకు పిండిలో కొంత భాగాన్ని ముందే ఉడికించడం. దీన్ని టాంగ్‌జాంగ్ అంటారు. పేరు చైనాదే గానీ పని మనకు తెలిసిందే.

జొన్న రొట్టెకు పిండి తడిపేటప్పుడు ఉడుకు నీళ్లు ఎందుకు పోస్తామో గుర్తు చేసుకోండి. చన్నీళ్లతో తడిపితే రొట్టె తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. మరిగిన నీళ్లు తగిలితే పిండిలోని స్టార్చ్ ఉబ్బి, నీళ్లను పట్టుకుని, జిగురై, ముద్ద నిలబడుతుంది. మైదాను పాలలో కలిపి ఉడికించినా అదే జరుగుతుంది. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్టార్చ్ గింజలు ఉబ్బి, పచ్చిపిండి పట్టుకోగలిగిన దానికంటే ఎన్నో రెట్లు తడిని పట్టుకుంటాయి. ఆ తడి కలిపేటప్పుడు చేతికి అంతగా అంటుకోదు, ఓవెన్‌లో తొందరగా ఆవిరైపోదు, కాలినంక కూడా పావ్‌లోనే ఉంటుంది.

బ్రెడ్ గట్టిపడటం అంటే ఎండిపోవడమే అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు గింజ గింజ గట్టిగా అవుతుంది కదా, అందులో తడి ఎటూ పోలేదు. వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఉడికిన స్టార్చ్ చల్లారుతూ మళ్లీ బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది, పావ్‌లోనూ ఇదే జరుగుతుంది. తడి ఎక్కువగా ఉంటే ఆ బిగుసుకోవడం మనకు తెలియనంత నెమ్మదిస్తుంది. వెన్న కూడా దాన్ని ఆలస్యం చేస్తుంది, పైగా పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ పోగులకు పూతలా పట్టి కొరికినప్పుడు సాగకుండా తెగేలా చేస్తుంది. పాలు ముఖ్యంగా రంగుకు, రుచికి పనికొస్తాయి, మెత్తదనానికి కొంత సాయం. ఈ మూడింటిలో ఒక్కటే చేయగలిగితే పిండి ఉడికించడం చేయండి. వెన్న రెట్టింపు చేసి సరిపెట్టుకుందామంటే పిండి సరిగా పొంగక కేకులాంటి బరువైన ముద్ద వస్తుంది.

ఇక కొలతలు. తొమ్మిది అంగుళాల చదరపు పళ్లెంలో తొమ్మిది పావ్‌లకు మొత్తం 320 గ్రాముల పిండి పడుతుంది. అమెరికాలో బ్రెడ్ ఫ్లోర్ అని రాసి ఉన్న సంచి తీసుకోండి, బ్రిటన్‌లో దాన్నే స్ట్రాంగ్ ఫ్లోర్ అంటారు. ఆల్ పర్పస్‌తోనూ పావ్ వస్తుంది, కాస్త తక్కువ లేస్తుంది. సెల్ఫ్ రైజింగ్ పిండి మాత్రం వద్దు, అందులో బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు సంచి రంగు చూసి దీన్నే తెచ్చుకోవడం మామూలే. కప్పుల లెక్క నమ్మకండి, గ్రాములు చూపే చిన్న కాటా ఒకటి కొనండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందుగా ఆ 320 గ్రాముల్లోంచి 20 గ్రాముల పిండి తీసి చిన్న గిన్నెలో వేసి, 100 గ్రాముల చల్లటి పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. పాలు వెన్న తీయని హోల్ మిల్క్ అయితే మంచిది. సన్నని మంట మీద పెట్టి ఆపకుండా గరిటె తిప్పండి. రెండు మూడు నిమిషాలదాకా పాలలాగే ఉంటుంది, ఏమీ కావట్లేదనిపిస్తుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి చిక్కబడుతుంది. గరిటె లాగిన గీత గిన్నె అడుగున ఒక్క క్షణం నిలిచి మళ్లీ కలిసిపోతే సరిపోయింది, దించేయండి. చిక్కటి గంజిలా ఉండాలి, సంకటిలా గట్టిపడితే నీళ్లు ఎక్కువ ఆవిరైపోయాయని అర్థం. అప్పుడు కాటా మీద పెట్టి చూసుకుని, గిన్నె బరువు పోను 110 గ్రాములకు వచ్చేదాకా పాలు కలిపితే చాలు. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. వేడివేడిగా కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది, గంటలు గడిచినా పిండి లేవదు.

మిగిలిన 300 గ్రాముల పిండి, 130 గ్రాముల గోరువెచ్చని పాలు, 35 గ్రాముల చక్కెర, 6 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, చల్లారిన ఆ గంజి అన్నీ ఒక పెద్ద గిన్నెలో కలపండి. ప్యాకెట్ మీద యాక్టివ్ డ్రై అని ఉంటే ఈస్ట్‌ను ముందు పాలలో పది నిమిషాలు నాననిచ్చి, నురగ వచ్చాక వాడండి. ఉప్పు చెంచాతో కొలిచేవాళ్లు ఒకటి గమనించాలి, కోషర్ ఉప్పు పెద్ద రవ్వలుగా ఉంటుంది కాబట్టి ఒక చెంచా తూకం మామూలు ఉప్పు కంటే తక్కువ. గుడ్డు అక్కర్లేదు.

ఇప్పుడే వెన్న వేయకండి. వెన్న ముందే పడితే పిండికి పూతలా పట్టి గ్లూటెన్ తొందరగా అల్లుకోదు. ఎనిమిది నిమిషాలు పిసికి, ముద్ద కాస్త నున్నబడ్డాక 42 గ్రాముల మెత్తటి వెన్నను మూడు నాలుగు సార్లుగా వేయండి. అమెరికా వెన్న కడ్డీ కాగితం మీద గీతలుంటాయి, అందులో మూడు గీతలంత. వెన్న పడగానే ముద్ద జారిపోయి, ముక్కలుముక్కలై, అంతా పాడైనట్టే కనిపిస్తుంది. భయపడి పొడిపిండి చల్లారంటే అక్కడే పని చెడినట్టు. చల్లకుండా ఇంకో ఏడెనిమిది నిమిషాలు పిసికితే వెన్నంతా ఇంకి ముద్ద మళ్లీ ఒక్కటవుతుంది. నిమ్మకాయంత ముక్క తీసి నాలుగు వేళ్లతో మెల్లగా సాగదీయండి. చిరిగిపోకుండా వెలుతురు కనిపించేంత పలుచటి పొర వస్తే చాలు. గరుకుగా చిరిగితే ఇంకా పిసకాలి. చేతికి కొద్దిగా అంటుకోవడం ఈ పిండి స్వభావమే, చపాతీ పిండిలా రావాలని చూడకండి.

మన దిక్కు ఎండాకాలంలో ఇది గంటలోపే పొంగుతుంది. ఇక్కడ చలికాలం వంటింట్లో రెండు గంటలైనా కదలకపోవచ్చు. ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు ఒక్కటే వేసి, పక్కన వేడినీళ్ల గ్లాసుతో గిన్నె లోపల పెట్టండి. గడియారం కాదు, పిండిని చూడాలి. రెట్టింపు అయ్యాక తడివేలితో గుచ్చితే గుంట నెమ్మదిగా సగం పూడాలి. గబుక్కున పూడితే ఇంకా ఆగాలి, గుంట అలాగే ఉండి చుట్టూ కుంగితే ఎక్కువసేపు ఆగినట్టు.

తొమ్మిది సమాన ముక్కలు, ఒక్కొక్కటి 69 గ్రాముల దరిదాపు. అంచులను కిందికి లాగి ముడిచి, పైపొర బిగువుగా గుండ్రంగా చేయండి. వెన్న రాసిన పళ్లెంలో వేలు దూరేంత ఎడంతో పేర్చండి. పక్కపక్కనే ఉండటం అందం కోసం కాదు. పొంగి ఒకదానికొకటి అంటుకుంటే పక్కలకు పొర కట్టదు, అందుకే పావ్ విరిచినప్పుడు పక్కలు దూదిలా పొరలు పొరలుగా వస్తాయి. ఎడం ఎక్కువైతే ఒక్కొక్కటీ విడిగా కాలి చుట్టూ గట్టిపడుతుంది. మళ్లీ ముప్పావు గంట పొంగనిచ్చి, పైన పాలు పూసి ఓవెన్‌లో పెట్టండి.

ఓవెన్ వేడి 375 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 190 సెల్సియస్. కన్వెక్షన్ అని ఉంటే 25 ఫారన్‌హీట్ తగ్గించండి. బ్రాయిల్ బటన్ నొక్కకండి, అది పైనుంచి మాత్రమే మంట ఇచ్చి పైపొర మాడ్చేస్తుంది. ఆన్ చేసేముందు తలుపు తెరిచి చూడండి, అద్దె ఇళ్లలో చాలామంది ఓవెన్‌ను గిన్నెల అల్మారాలా వాడతారు. 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది. నడిమి పావ్‌లో థర్మామీటర్ గుచ్చితే 190 ఫారన్‌హీట్ చూపితే తీసేయాలి. ఐదు నిమిషాలు అదనంగా ఉంచినా దాచుకున్న తడి అంతా పోతుంది, మొత్తం శ్రమకు అర్థముండదు. బయటకు తీయగానే వెన్న పూసి, పళ్లెంలోంచి తీసి, శుభ్రమైన తువాలు కప్పండి. లోపలి ఆవిరితో పైపొర మెత్తబడుతుంది.

పూర్తిగా చల్లారాకే జిప్ కవర్‌లో పెట్టాలి. వెచ్చగా ఉండగా పెడితే కవర్ లోపల నీటిచుక్కలు కట్టి మూడో రోజుకు బూజు వస్తుంది. ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి, స్టార్చ్ అన్నిటికంటే తొందరగా బిగుసుకునేది ఆ చల్లదనంలోనే. బుధవారం దాటేవాటిని ఆదివారమే ఫ్రీజర్‌లో వేయండి, గడ్డకట్టాక బిగుసుకోవడం ఆగుతుంది. తినేముందు కవర్‌లోనే బయట పెట్టి కరగనిచ్చి, తడి టిష్యూ చుట్టి మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు. లేదంటే మధ్యకు కోసి వెన్న రాసి పెనం మీద కాల్చండి.

ఇంత చేసినా రెండో రోజుకే బిరుసైతే ముందు అనుమానించాల్సింది పిండి తూకం. కప్పులతో కొలిచారనుకుందాం. నెమ్మదిగా చెంచాతో నింపిన కప్పు సుమారు 120 గ్రాములు, సంచిలో ముంచి తీసిన కప్పు 150 దాకా వస్తుంది. 320 గ్రాములనుకున్నది నాలుగు వందలయింది. పాలు అవే 230 గ్రాములు. వంద గ్రాముల పిండికి 72 గ్రాముల పాలు ఉండాల్సింది 57కు పడిపోయింది. గంజి వేసినా ఆ తడి అదనపు పిండికే పోయింది. ఇలాంటి ముద్ద పిసికేటప్పుడు చేతికి అస్సలు అంటుకోదు, చాలా హాయిగా ఉంటుంది, కాబట్టి అప్పుడే గుర్తుపట్టవచ్చు. అక్కడే మూడు నాలుగు పెద్ద చెంచాల పాలు చల్లి పిసికితే ఆ వాయి దక్కుతుంది.