కండెన్సర్ మైక్‌కి ఫాంటమ్ పవర్ అందుతోందో లేదో ఎలా చూసుకోవాలి? అసలు అదెందుకు కావాలి?

కోఠిలో కొత్త కండెన్సర్ మైక్ కొని, ఎక్స్ఎల్ఆర్ నుంచి 3.5 ఎంఎం పిన్ ఉన్న కేబుల్‌తో నేరుగా లాప్‌టాప్‌కి పెట్టేసి, వాల్యూమ్ మొత్తం పెంచినా హిస్ తప్ప గొంతు సరిగ్గా రావట్లేదని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అమీర్‌పేటలో గదిలోనే వాయిస్ ఓవర్లు చేసుకునే ఒక తమ్ముడిదీ ఇదే గొడవ, అతను మైక్ పాడైందనుకుని మార్చేయబోయాడు. మైక్ బాగానే ఉంది, దానికి కరెంటే సరిగ్గా అందలేదు. మైక్ కేబుల్ గుండానే మైక్‌కి వెళ్లే ఆ 48 వోల్టుల కరెంటునే ఫాంటమ్ పవర్ అంటారు.

మైక్ లోపల క్యాప్సూల్ అంటే బంగారు పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని వెనక ఒక లోహపు ప్లేటు, రెండింటి మధ్య వెంట్రుక మందం కూడా లేని ఖాళీ. ఇది ఒక కెపాసిటర్. ఖాళీ 40 మైక్రాన్లు, దానిమీద పెట్టిన వోల్టేజీ 48 అనుకుందాం. మైక్‌కి దగ్గరగా గట్టిగా మాట్లాడితే పొర కదిలేది ఏ 8 నానోమీటర్లో, అంటే ఖాళీలో 5000వ వంతు. పొర మీది చార్జ్ ఎటూ పోకుండా ఆపితే వోల్టేజీ కూడా అంతే వంతు మారుతుంది కాబట్టి, వచ్చేది సుమారు 10 మిల్లీవోల్టులు. ఆ 48 వోల్టులే లేకపోతే పొర ఎంత ఊగినా మారడానికి ఏమీ ఉండదు, సున్నాలో 5000వ వంతు సున్నానే కదా.

కానీ 10 మిల్లీవోల్టులు నిజానికి మరీ తక్కువేం కాదు, మామూలు డైనమిక్ మైక్ ఇచ్చేది ఇంకా తక్కువ. అసలు చిక్కు ఆ వోల్టేజీ వెనక బలం లేకపోవడం. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎంత ఎత్తున ఉన్నా పైపు సూది అంత సన్నగా ఉంటే కుళాయిలో చుక్కలే పడతాయి, ఇక్కడా అంతే. క్యాప్సూల్ కెపాసిటెన్స్ 60 పికోఫారడ్లనుకుంటే 100 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, దాదాపు 2.6 కోట్ల ఓములు, మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ ఇన్‌పుట్‌ది మాత్రం 2000 ఓములే. నేరుగా కలిపితే సిగ్నల్ 13,000వ వంతుకి పడిపోయి మైక్రోవోల్టు కూడా మిగలదు, అది ప్రీయాంప్ సొంత హిస్‌లోనే మునిగిపోతుంది. అందుకే క్యాప్సూల్‌ని ఆనుకునే ఎఫ్ఈటీ అనే ఒక ట్రాన్సిస్టర్ పెడతారు. అది క్యాప్సూల్ నుంచి దాదాపు ఏమీ లాక్కోకుండా, అదే సిగ్నల్‌ని కేబుల్ మోయగలిగే బలంతో బయటికి పంపుతుంది. ఎఫ్ఈటీ నడవాలంటే మళ్లీ కరెంటు కావాలి. ఎలక్ట్రెట్ రకం మైకుల్లో చార్జ్ తయారీలోనే పొరకో ప్లేటుకో పట్టించి ఉంటుంది కాబట్టి క్యాప్సూల్‌కి బయటి నుంచి వోల్టేజీ ఇచ్చే పని తప్పుతుంది, ఎఫ్ఈటీకి కరెంటు మాత్రం వాటికీ తప్పదు. లాప్‌టాప్ మైక్ సాకెట్ ఇచ్చే కొద్దిపాటి వోల్టులు 48కి సరిపడేలా చేసిన సర్క్యూట్‌కి చాలవు.

ఇప్పుడు పరీక్ష. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్లు తీసి, మైక్ లేకుండా ఒట్టి ఎక్స్ఎల్ఆర్ కేబుల్ తగిలించి 48V బటన్ నొక్కండి. మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టండి. కేబుల్ రెండో చివర, మైక్‌కి తగిలించే వైపు రంధ్రాల పక్కన 1, 2, 3 అని చిన్నగా రాసి ఉంటుంది, ఫోన్ టార్చ్ వేస్తే కనిపిస్తుంది. నల్ల ప్రోబ్ 1లో ఉంచి ఎర్రది 2లో, తర్వాత 3లో పెట్టి చూడండి. రెండు చోట్లా 44 నుంచి 52 మధ్య రావాలి. 2కీ 3కీ మధ్య మాత్రం దాదాపు సున్నా ఉండాలి, సిగ్నల్ ఆ రెండింటి తేడాలోనే ప్రయాణిస్తుంది కాబట్టి అక్కడ డీసీ కనబడకపోవడమే సరైన స్థితి. ఒక పిన్‌కి వచ్చి రెండోదానికి రాకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు లోపల టంకం ఊడి ఉంటుంది. కేబుల్ మార్చినా అంతే ఉంటే తప్పు ఇంటర్‌ఫేస్‌ది.

మైక్ పెట్టాక వోల్టేజీ 38కి దిగినా కంగారు పడకండి. ఒక్కో పిన్‌కి 6.8 కిలో ఓముల రెసిస్టర్ గుండానే కరెంటు వస్తుంది. మైక్ 3 మిల్లీయాంపులు తీసుకుంటే ఆ రెండు రెసిస్టర్లూ దాన్ని చెరి సగం పంచుకుంటాయి, ఒక్కోదాని మీద సుమారు 10 వోల్టులు పడిపోతాయి, అది లెక్కలో ఉన్నదే.

వోల్టులన్నీ సరిగ్గా ఉన్నా వానాకాలంలో చిటపటలు వస్తుంటే తేమను అనుమానించండి. చార్జ్ కారిపోకుండా ఆపేది వంద కోట్ల ఓముల స్థాయి రెసిస్టర్, దాని పక్కన పేరుకున్న తేమ పొర కూడా కరెంటుకి దారి ఇచ్చేస్తుంది. 48V ఆపి, కాసేపు ఆగి, మైక్ తీసి సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉండే డబ్బాలో ఒకట్రెండు రోజులు ఉంచండి. హెయిర్ డ్రయర్ మాత్రం పెట్టొద్దు, ఆ పొర వేడికి సాగిపోతే మళ్లీ బిగించలేం.