డీజిల్ ముల్లు గెంతుతోందా? ట్యాంకు దించే ముందు ఎర్త్ చూడండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు తోలే మినీ ట్రక్కుల్లో ఈ జబ్బు తరచూ కనిపిస్తుంది. సగం ట్యాంకు చూపించే ముల్లు ఉన్నట్టుండి జారిపోతుంది, కాసేపటికి మళ్లీ పైకొస్తుంది. వెంటనే ట్యాంకు దించి, లోపల డీజిల్ మట్టం కొలిచే ఫ్లోట్ యూనిట్ కొత్తది వేయించేస్తారు. డబ్బులు వదులుతాయి గానీ గెంతులు ఆగవు.

ముందు బండిని చదునుగా ఆపి, ఇంజిను ఆన్‌లోనే ఉంచి, లైట్లు వేసి బ్రేకు తొక్కండి. బండి కదలట్లేదు కాబట్టి లోపల డీజిల్ ఊగదు. అయినా ముల్లు కదిలిందంటే అనుమానం ఎర్త్ మీదే, అంటే కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి మీదే. చాలా బళ్లలో వెనక లైట్లూ ఫ్లోట్ యూనిట్టూ ఒకే బోల్టు మీద ఎర్త్ అవుతాయి. ఆ బోల్టు తుప్పు పడితే లైట్ల కరెంటుకి దారి చాలక అక్కడ వోల్టేజీ లేస్తుంది. ఫ్లోట్ సరిగ్గానే ఉన్నా ముల్లు లెక్క తప్పుతుంది.

మొన్న వచ్చిన బండి ఇదే. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర వైరు ఫ్లోట్ ఎర్త్‌కి ఆనించాం. లైట్లు ఆపితే దాదాపు సున్నా. లైట్లు వేసి బ్రేకు తొక్కితే ఒక వోల్టు దాటింది. 0.2 వోల్టు దాటినా అనుమానించాల్సిందే. ట్రేల్లో ఐసు కరిగి, రొయ్యల ఉప్పునీళ్లు సరిగ్గా ఆ బోల్టు మీదే కారుతున్నాయి. వైరు చివరుండే లగ్గు చుట్టూ పచ్చటి పొడి. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఛాసిస్ మీద మెరిసే ఇనుము కనబడేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త లగ్గు వేసి బిగించి, పైన గ్రీజు పూశాం. ముల్లు కుదురుకుంది.

బ్రేకు తొక్కినా కదలకపోతే అప్పుడు ఫ్లోట్ వైపు చూడాలి. ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర, అంటే సగం దగ్గరే గెంతితే, లోపలి రెసిస్టెన్స్ పట్టీ అక్కడ అరిగింది; యూనిట్ మార్చాల్సిందే. ఎంత కొట్టించినా ఖాళీయే చూపిస్తే, ఫ్లోట్‌ని తీసి చెవి దగ్గర ఊపండి. గలగలమంటే చిల్లు పడి డీజిల్ నిండి మునిగిపోయినట్టు.

మీటరు బోర్డు మీద అనుమానముంటే, ఇగ్నిషన్ ఆపి ట్యాంకు దగ్గర కప్లర్ ఊడదీసి, మళ్లీ ఆన్ చేయండి. పాత ముల్లు మీటరైతే ఒక చివరకి పోవాలి; సిగ్నల్ వైరుని ఎర్త్‌కి కాసేపు ఆనిస్తే రెండో చివరకి రావాలి. రెండూ జరిగితే వైరూ మీటరూ బాగున్నట్టే. ఏ చివర ఏది అన్నది బండిని బట్టి మారుతుంది. పెట్రోలు బండైతే ట్యాంకు తెరిచి ఉండగా నిప్పురవ్వ పుట్టే పనేదీ చెయ్యొద్దు. గీతలు చూపే డిజిటల్ బోర్డుకి ఇలా నేరుగా ఆనించకండి. దానికి కంపెనీ చెప్పిన విలువ రెసిస్టర్ పెట్టి చూడాలి. పైగా అది కావాలనే నెమ్మదిగా మారుతుంది, అందుకని వెంటనే గీత కదల్లేదని బోర్డు పోయిందనుకోకండి. ఉష్ణోగ్రత ముల్లు కూడా కలిసి తప్పు చూపిస్తే మాత్రం బోర్డుకి వచ్చే సప్లై, ఎర్త్ వెతకండి.