మీడియాపై నమ్మకాన్ని కొలిచే స్కేలు – 4వ పాఠం: ఆల్ఫా మైనస్‌లో ఎందుకు వచ్చింది?

మూడో పాఠం అభ్యాసం చేసి పంపినవారిలో చాలామందికి క్రోన్‌బాక్ ఆల్ఫా, అంటే స్కేలులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే సంఖ్య, మైనస్‌లో వచ్చింది. కొందరు మైనస్ గుర్తు తీసేసి పంపారు. దయచేసి అలా చేయకండి. ఆ గుర్తే మీకు అసలు సంగతి చెబుతోంది.

తప్పు ఎక్కువగా నాదే. "నెగెటివ్ వాక్యాల స్కోరును తిప్పండి", అంటే 5ను 1గా, 4ను 2గా మార్చండి అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. మీరు క్రియాపదం చివర "-దు" ఉన్న వాక్యాలన్నీ తిప్పేశారు. అందుకే ఈ పాఠంలో కొత్త విషయం తక్కువ, దీని గురించే ఎక్కువ.

మన నాలుగు వాక్యాలు మళ్లీ చూద్దాం. "మీడియా" అని ఊరికే అంటే ఒకరు పేపరు అనుకుంటారు, మరొకరు వాట్సాప్ అనుకుంటారు. అందుకే అన్నీ "మీరు ఎక్కువగా చూసే వార్తా ఛానల్" గురించే అడిగాం.

మొదటిది: ఈ ఛానల్ చెప్పే వివరాలు సరిగ్గా ఉంటాయి.
రెండోది: గొడవ ఉన్న విషయంలో ఇరువైపుల వాళ్ల మాటా చూపిస్తుంది.
మూడోది: ముఖ్యమైన సంగతులు దాచదు.
నాలుగోది: ఒక పార్టీకి అనుకూలంగా వార్తలను మలుస్తుంది.

జవాబులు "అస్సలు ఒప్పుకోను"కి 1 నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను"కి 5 వరకు.

ఇప్పుడు ఏది తిప్పాలి? వ్యాకరణం చూడకండి. ఆ ఛానల్‌ను నిండా నమ్మే మనిషిని ఒకరిని మనసులో పెట్టుకోండి. మా మేనత్త ఉంది, ఆ ఛానల్లో చెబితే చాలు, ఇక తిరుగులేదు. ఆమె మూడో వాక్యానికి ఏం వేస్తుంది? "అవును, దాచదు" అని 5 వేస్తుంది. అంటే 5కి అర్థం నమ్మకం. దాన్ని ముట్టుకోకూడదు. నాలుగోదానికి? "మలచడమేంటి, అదేం లేదు" అని 1 వేస్తుంది. అంటే ఇక్కడ 5కి అర్థం అపనమ్మకం. తిప్పాల్సింది ఇదొక్కటే. చూడటానికి మూడోది నెగెటివ్ వాక్యం, నాలుగోది మామూలు వాక్యం. నమ్మకం దిశ మాత్రం అందుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. చేత్తో చేయగలిగేలా ఐదుగురి జవాబులు నేనే తయారు చేశాను (నిజమైన సర్వేకి ఐదుగురు ఏ మూలకూ చాలరు). వరుసకొక మనిషి, నిలువుకొక వాక్యం:

```
5 4 5 2
4 4 4 1
3 3 2 3
2 1 2 4
1 3 2 5
```

సూత్రం గుర్తుంది కదా:

```
α = k/(k-1) × (1 − Σ Vi / Vt)
```

k అంటే వాక్యాల సంఖ్య, Vi ఒక్కో వాక్యం వేరియన్స్, అంటే దాని జవాబులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, Vt మొత్తం స్కోరు వేరియన్స్. ఇక్కడ వాక్యాల వేరియన్స్‌లు వరుసగా 2.5, 1.5, 2, 2.5. కలిపితే 8.5. ఏ వాక్యాన్ని తిప్పినా ఈ 8.5 మారదు, ఎందుకంటే తిప్పినంత మాత్రాన జవాబుల మధ్య దూరాలు మారవు. మారేదల్లా మొత్తం స్కోరు వేరియన్స్.

సరైన పద్ధతిలో నాలుగోదాన్ని మాత్రమే తిప్పితే ఐదుగురి మొత్తాలు 18, 17, 11, 7, 7. నమ్మేవాళ్లు పైకి, నమ్మనివాళ్లు కిందకి స్పష్టంగా విడిపోయారు. వేరియన్స్ 28. ఆల్ఫా 0.93.

ఏదీ తిప్పకుండా వదిలేస్తే మొత్తాలు 16, 13, 11, 9, 11. వేరియన్స్ 7కి పడిపోయింది. ఆల్ఫా −0.29.

నా మాట నమ్మి "దాచదు"ను తిప్పి, "మలుస్తుంది"ని వదిలేస్తే మొత్తాలు 12, 11, 13, 11, 13. వేరియన్స్ 1. ఆల్ఫా −10.

పొరపాటు కాదు, మైనస్ పదే. ఆల్ఫా 1ని దాటి పైకి వెళ్లదు గానీ, కిందకి ఎంతైనా జారుతుంది. రెండు వాక్యాలు ఒకవైపు, రెండు మరోవైపు లాగితే అందరి మొత్తాలూ ఒకేచోట చేరతాయి. నిండా నమ్మే మొదటి మనిషికి 12, అస్సలు నమ్మని ఐదో మనిషికి 13 వచ్చాయి చూడండి. అలాంటి స్కేలు మనుషుల్ని వేరు చేయడం లేదని ఆల్ఫా చెబుతోంది.

షీట్‌లో నేను చేసే పద్ధతి ఇది. అసలు జవాబులు B నుంచి E దాకా ఉంచి, వాటిమీద ఎప్పుడూ రాయను. తిప్పినవి పక్కన F లో, మొత్తం G లో.

```
F2: =6-E2
G2: =B2+C2+D2+F2
=4/3*(1-(VAR.S(B2:B6)+VAR.S(C2:C6)+VAR.S(D2:D6)+VAR.S(F2:F6))/VAR.S(G2:G6))
```

ముగ్గురు `6-E2`కి బదులు `5-E2` రాశారు. ఐదు పాయింట్ల స్కేలు కాబట్టి ఐదులోంచి తీసేయాలనుకున్నారు. అప్పుడు 5 వేసినవారికి 0 వస్తుంది, అలాంటి జవాబే మన స్కేలులో లేదు. ఈ తప్పును ఆల్ఫా పట్టదు! అందరి స్కోరూ ఒకటి చొప్పున తగ్గుతుంది గానీ వేరియన్స్ కదలదు కాబట్టి 0.93 అలాగే ఉంటుంది. సగటు నమ్మకం మాత్రం తప్పుగా బయటికొస్తుంది. అందుకే తిప్పిన నిలువులో `MIN`, `MAX` చూడటం నాకు అలవాటు. 1కి తక్కువ ఉండకూడదు, 5కి మించకూడదు.

R వాడేవాళ్లకు ఒక మాట. `psych` ప్యాకేజీలో `alpha()`కి `check.keys=TRUE` ఇస్తే ఎదురు తిరిగిన వాక్యాలను అదే తిప్పేస్తుంది. నేను వాడను. వాక్యం అర్థం తెలిసిన మనం దిశ నిర్ణయించాలి. జనం అపార్థం చేసుకున్న వాక్యం కూడా డేటాలో ఎదురు తిరిగినట్టే కనిపిస్తుంది, దాన్ని తిప్పేస్తే తప్పు కప్పబడిపోతుంది.

అలా అపార్థమయ్యే వాక్యం మన దగ్గరే ఉంది: "దాచదు". నోటితో అడిగినప్పుడు జనం "లేదు" అంటారు. అది "లేదు, దాచదు" అనా, "లేదు లేదు, దాస్తుంది" అనా? అడిగేవాళ్లు కంగారులో 1 వేసేస్తారు. దీన్ని 6లోంచి తీసేసి బాగుచేయలేం, ఎందుకంటే కొందరి జవాబే తిరగబడింది, అందరిదీ కాదు. కనిపెట్టాలంటే ఆ వాక్యానికీ మిగతా మూడింటి మొత్తానికీ `CORREL` చూడండి. మిగతావన్నీ 0.5 పైన ఉండి ఇదొక్కటే 0.3 కంటే తక్కువైతే వాక్యాన్ని అనుమానించండి. నేనైతే "ముఖ్యమైన సంగతులన్నీ బయటపెడుతుంది" అని మారుస్తాను. వ్యతిరేక దిశ వాక్యం కావాలంటే "మలుస్తుంది", "దాస్తుంది" లాంటి "-దు" లేని క్రియతోనే రాయండి.

ఒకరు 0.97 వచ్చిందని సంతోషంగా రాశారు. వారి వాక్యాలు: "ఈ ఛానల్ నమ్మదగినది", "ఈ ఛానల్‌ను నమ్మవచ్చు", "ఈ ఛానల్‌పై నాకు నమ్మకం ఉంది". ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగితే జవాబులు కలవక ఏం చేస్తాయి? 2007లో కోరింగ్, మాథెస్ వార్తా మీడియాపై నమ్మకాన్ని నాలుగు భాగాలుగా చూపించారు: ఏ విషయాలు ఎంచుకుంటారు, వాటిలో ఏ వాస్తవాలు చెబుతారు, చెప్పింది ఎంత సరైనది, వ్యాఖ్యానం ఎలా ఉంది. ఆల్ఫా 0.7 దాటితే చాలని చాలామంది అంటారు. నాలుగు భాగాలనూ తాకి 0.78 వచ్చిన స్కేలునే నేను ఎంచుకుంటాను.

అభ్యాసం: పై నాలుగు భాగాలకు రెండేసి చొప్పున ఎనిమిది వాక్యాలు రాయండి. రెండు మాత్రమే వ్యతిరేక దిశలో ఉండాలి, ఎక్కడా "-దు" ఉండకూడదు. కనీసం 40 మందిని అడగండి, వారిలో పదిమందిని నోటితో అడిగి ప్రతి జవాబు తర్వాత "ఎందుకలా అన్నారు?" అని రాసుకోండి. జవాబులు చూడకముందే, ఏ వాక్యాలు తిప్పబోతున్నారో కాగితంమీద రాసిపెట్టి, ఆ కాగితం ఫోటో కూడా ఆల్ఫాతో పాటు పంపండి.