కంప నరికితే తెగడం లేదా? కత్తిలో బరువు ఎక్కడుందో చూడండి

మా జీడితోట ఒడిశాలో గుణుపూర్ దాటాక, కొండ వాలులో ఉంది. పిక్కలు రాలడం మొదలయ్యేలోపు చెట్ల కింద శుభ్రం చేయకపోతే రాలినవి లంటానా కంపలో పడి కనిపించవు. అందుకే ఏటా ఫిబ్రవరిలో నరుకుడు పని పెట్టుకుంటాం. మా దగ్గర మూడు పనిముట్లున్నాయి. ఒకటి 45 సెంటీమీటర్ల పలుచటి రేకుతో, అరకిలోకు కాస్త పైన తూగే పొడవాటి కత్తి, మాచెటీ. రెండోది సైన్యంలో పని చేసి వచ్చిన మా బావ ఇచ్చిన కుక్రీ, అంటే ముందుకు వంగిన పొట్టి కత్తి, దాని బరువు 650 గ్రాములు. మూడోది కిలో తల, 75 సెంటీమీటర్ల కామ ఉన్న గొడ్డలి. ఏది మేలని అడిగేవారికి నా జవాబు ఒకటే: ముందు మీ కష్టం ఏమిటో చెప్పండి.

సమస్య: దెబ్బ తగులుతోంది, కొమ్మ మాత్రం వంగి మళ్లీ లేస్తోంది

వేలి లావు లంటానా కొమ్మల మీద గొడ్డలి గాని, కుక్రీ గాని వాడేవారికి ఇది తప్పదు. సన్న కొమ్మకు ఎదురు నిలిచే బరువు లేదు. కత్తి నెమ్మదిగా వస్తే కొమ్మ దాంతో పాటే పక్కకు జరిగిపోతుంది. అది జరిగేలోపే తెగాలంటే బరువు కాదు, వేగం కావాలి. దెబ్బలోని శక్తి బరువు రెట్టింపైతే రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. పొడవుగా, తేలికగా ఉండే మాచెటీ కొస మూడింటిలోనూ వేగంగా కదులుతుంది. పలుచటి రేకు కాబట్టి చెక్కలోకి దూరడానికీ అడ్డం తక్కువ.

మాచెటీ పట్టుకున్నా కొమ్మ ఇంకా ఎగురుతోందంటే మీరు చాలా పైన కొడుతున్నారన్నమాట. నేల దగ్గర కొమ్మ బిర్రుగా ఉంటుంది, అక్కడ కొట్టండి. ఎడమ చేతిలో కొంకి కర్ర పెట్టుకుని కొమ్మను అవతలికి లాగి వంచండి. వంపుకు బయటి వైపు పీచు సాగి బిగుసుకుని ఉంటుంది, అక్కడ ఏటవాలు దెబ్బ వేస్తే ఒక్కదానికే తెగుతుంది. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. లంటానా ముళ్ల సంగతి అలా ఉంచితే, కత్తి వచ్చే దారిలో చేయి ఉండకూడదు. ఏటవాలుగా నరికిన మోడు శూలంలా మిగులుతుంది, పిక్కలు ఏరేవారి పాదాల్లో దిగుతుంది. కాబట్టి నేలకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర నరకాలి.

సమస్య: మాచెటీ లావు మొదలు మీద గంటలా మోగుతోంది, చేయి జిల్లుమంటోంది

నేను ఎక్కువ కాలం తప్పు చేసింది ఇక్కడే. పదును పోయిందనుకుని ఆకురాయి పట్టాను, మళ్లీ అదే జరిగింది. కారణం బరువు పంపకంలో ఉంది. పొడవాటి రేకులో బరువు ఈ చివర నుంచి ఆ చివర వరకు పరుచుకుని ఉంటుంది. మణికట్టు లావు మొదలుకు తగిలిన చోట, ఆ చోటి వెనుక ఉన్న కాస్త బరువే లోపలికి తోస్తుంది. మిగిలిన రేకు వంగుతుంది, వణుకుతుంది. ఆ వణుకే పిడిలోకి వస్తుంది.

క్రికెట్ బ్యాటు కొసకు బంతి తగిలితే చేతులు జిల్లుమంటాయి, సరైన చోట తగిలితే తెలియనే తెలియదు. కత్తికీ అలాంటి చోటు ఉంటుంది. పిడిని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, కత్తి వీపుతో దుంగ మీద కొస నుంచి పిడి వైపు తడుతూ రండి. ఒకచోట పిడి అదరడం ఆగిపోతుంది. అక్కడ సుద్దతో గీత పెట్టుకోండి. లావు కొమ్మల మీద ఆ గీత పడేలా కొడితే మాచెటీ శక్తి చాలావరకు వృథా కాదు.

అది కూడా చాలనప్పుడు కుక్రీ తీస్తాను. వేలి మీద నిలబెట్టి చూస్తే నాకు మొదట ఆశ్చర్యమేసింది. మా మాచెటీ పిడి దాటాక సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది, కుక్రీ 6 సెంటీమీటర్ల దగ్గరే నిలిచింది. అంటే కుక్రీ తూకం చేతికి దగ్గరగానే ఉంది. అయినా దాని దెబ్బే లోతుగా దిగుతుంది. తూకం నిలిచే చోటు ఒక్కటే చూస్తే మోసపోతాం. కుక్రీ బరువు వంపు దాటాక వెడల్పయిన పొట్టలో, మందమైన వీపు కింద ముద్దగా కూడి ఉంటుంది. దెబ్బ సరిగ్గా ఆ పొట్టతోనే పడుతుంది, రేకు వంగదు, వచ్చిన శక్తి అక్కడే దిగుతుంది. వంపు వల్ల వాదర కొమ్మకు ఏటవాలుగా తగిలి కొంత కోస్తూ కూడా పోతుంది.

మూడు నాలుగు సెంటీమీటర్ల మొదలును ఒకే గాటులో నరకాలని చూడకండి. పై నుంచి ఏటవాలుగా ఒకటి, కింది నుంచి ఎదురుగా ఒకటి వేసి చెక్క ముక్క ఎగరగొట్టాలి. రెండు గాట్లూ ఒకేచోట పడితే కత్తి బిగుసుకుపోతుంది.

సమస్య: కుక్రీతో గంట పని చేయగానే మణికట్టు లాగేస్తోంది

పొట్ట బరువును ప్రతిసారీ మణికట్టుతో ఆపుతున్నారు. చేయి మోచేతి నుంచి రావాలి, పిడిని చివరి మూడు వేళ్లు వదులుగా పట్టాలి, తగిలే క్షణంలో మాత్రమే బిగించాలి. ఇంకో కారణం, సన్న కొమ్మలకు కూడా దాన్నే వాడటం. పొట్టి కత్తి కాబట్టి ప్రతి కొమ్మకూ వంగాలి, నడుము కూడా పోతుంది. గురి తప్పిన కుక్రీ ముందుకు వచ్చి మోకాలి కింది ఎముకను వెతుక్కుంటుంది. కొట్టే దారికి కాలు పక్కగా ఉంచండి.

సమస్య: గొడ్డలి కంపలో చిక్కుకుంటోంది

కంప శుభ్రం చేయకముందే గొడ్డలి ఎత్తకూడదు. దాని బరువంతా తలలో ఉంది, మా దాని తూకం తలకు బెత్తెడు కిందే నిలుస్తుంది. అంత బరువు ఊపందుకోవడానికి చుట్టూ ఖాళీ కావాలి. తలకు ఒక్క తీగ తగిలినా దెబ్బ దారి తప్పుతుంది, అది వచ్చేది మీ కాలి మీదికే. మా వైపు సవరలు భుజాన వేసుకునే టంగియా అనే గొడ్డలి చిన్న తల, పొడుగు కామతో ఉంటుంది. తక్కువ బరువును కామ పొడవుతో వేగంగా తిప్పడం దాని కిటుకు. కంప మధ్య పనికి నా గొడ్డలి కంటే అదే నయం.

నా గొడ్డలికి అసలు పని అరచేయి వెడల్పు మోడు దగ్గరే.

సమస్య: నరికిన పొద మళ్లీ చిగురించింది

ఇది కత్తి తప్పు కాదు. లంటానా మొదలు నేలలో ఉన్నంత కాలం చిగురు వేస్తూనే ఉంటుంది. పోయిన ఏడాది గట్టు మీది ఒక పాత పొదను మూడింటితోనూ తీశాం. ముందు మాచెటీతో పై కొమ్మలన్నీ దించి, నడిచే దారి చేసుకున్నాం. మణికట్టు లావువి ఐదు కాండాలు మిగిలాయి, వాటిని కుక్రీతో మోకాలి ఎత్తున నరికాం. మా మామయ్య ఆ ఎత్తు ఉంచమన్నారు. "పట్టుకుని ఊపడానికి పిడి ఉండాలి కదా" అన్నారు. తర్వాత గునపంతో చుట్టూ మట్టి తీసి, వేరు కనిపించాక నేల మట్టానికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున గొడ్డలితో తల్లి వేరును తెంచాం. కాండాలు పట్టుకుని ఊపి, పొద మొదలును పైకి లాగి తలకిందులుగా పడేశాం. వేరు ఎండకు ఎండిపోయింది. వానలు పడ్డాక అక్కడ గింజ మొలకలు వచ్చాయి, అవి చేత్తో పీకగలిగినవే. పాత మొదలు నుంచి మాత్రం చిగురు రాలేదు.

మట్టి తీయకుండా వేరు మీద గొడ్డలి వేస్తే గులకరాయి తగిలి వాదర పళ్లు పడుతుంది. వాదరను ఎండ వైపు తిప్పి చూడండి. పదునున్న చోట ఏ గీతా కనిపించదు, మొద్దుబారిన చోట తెల్లని గీత మెరుస్తుంది. ఆ గీత పోయేదాకా ఆకురాయి పట్టి, తర్వాతే మళ్లీ పొద దగ్గరికి వెళ్లండి.